బ్రేక్ టెస్టులో మోటారు ఎఫిషియెన్సీ 202 శాతం వస్తోంది, తప్పు ఎక్కడో చెప్పండి

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో ట్రిపుల్ఈ చదువుతున్నాను. మొన్న మెషీన్స్ ల్యాబ్‌లో త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారు మీద బ్రేక్ టెస్టు చేశాం. 5 హెచ్‌పీ మోటారు, ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, 415 వోల్టులు, 7.5 ఆంప్స్, 1430 ఆర్‌పీఎం అని ఉంది. డ్రమ్ము చుట్టూ బెల్టు, పైన రెండు స్ప్రింగ్ బ్యాలెన్సులు, చేతి చక్రం తిప్పితే బెల్టు బిగుసుకుంటుంది. S1, S2 ఆ బ్యాలెన్సుల రీడింగులు, W1, W2 ఇన్‌పుట్ చూపించే రెండు వాట్‌మీటర్లవి, N స్పీడు. లెక్క కూడా అందరూ వేసేదే:

```
T = (S1 - S2) * 9.81 * R
Pout = 2 * pi * N * T / 60
Efficiency = Pout / (W1 + W2) * 100
```

దారంతో డ్రమ్ము చుట్టుకొలత కొలిస్తే 69.1 సెంటీమీటర్లు వచ్చింది, అంటే R 0.11 మీటర్లు. లోడు పెంచుతూ మూడు రీడింగులు తీసుకున్నాం. ఎఫిషియెన్సీ మొదటిది 90, రెండోది 135, మూడోది 202 శాతం. మా బ్యాచ్‌లో నలుగురం నాలుగుసార్లు లెక్కేశాం, అదే వస్తోంది. గురువారం రికార్డు చూపించాలి. పక్క బ్యాచ్ వాళ్ల రీడింగులు ఎక్కించుకోమని ఒకరు అన్నారు కానీ నాకు అది ఇష్టం లేదు, మా రీడింగుల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉంది. బాగా టెన్షన్‌గా ఉంది.

బీటెక్ సీనియర్, సూర్యాపేట

చెల్లీ, నువ్వు బెల్టు మందం వదిలేశావు. అందరూ చేసే తప్పే ఇది. బెల్టులో లాగుడు దాని మధ్యగీత దగ్గర పనిచేస్తుందని లెక్క, అందుకే R అంటే డ్రమ్ము రేడియస్‌కి బెల్టు మందంలో సగం కలపాలి. అది కలిపి మళ్లీ వెయ్యి, సరిపోతుంది. వైవాలో కూడా ఇదే అడుగుతారు.

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

బెల్టు మందంలో సగం కలపాలన్నది నిజమే. కానీ బాబూ, కలిపితే R పెరుగుతుంది, టార్క్ పెరుగుతుంది, 202 కాస్తా 207 అవుతుంది. తప్పు వెతికేటప్పుడు ఆ తప్పు సమాధానాన్ని ఏ వైపు నెడుతుందో ముందు చూసుకోవాలి.

అమ్మా, నువ్వు ఫలితాలు ఇచ్చావు కానీ రీడింగులు ఇవ్వలేదు. రెండు బ్యాలెన్సులు విడివిడిగా, రెండు వాట్‌మీటర్లు విడివిడిగా, ఆమ్మీటరు, స్పీడు అన్నీ పెట్టు. ఖాళీగా తిరిగినప్పటి వరస తప్పకుండా పెట్టు. టెస్టు మధ్యలో ఏ వైరైనా మార్చారా అన్నది కూడా రాయి.

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

ఫీల్డ్ కరెంటు కలపడం మర్చిపోయి ఉంటారు. మేము ఐటీఐలో చేసినప్పుడు ఆమ్మీటరు ఆర్మేచర్ వైపు పెట్టి, ఫీల్డ్‌కి పోయే కరెంటు వదిలేస్తే ఇన్‌పుట్ తక్కువ వచ్చేది. లైను నుంచి మొత్తం కరెంటు తీసుకుని వోల్టేజీతో గుణించండి.

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

అది డీసీ షంట్ మోటారు సంగతి అన్నా, ఈ అమ్మాయిది త్రీ ఫేజ్. దీనికి ఫీల్డ్ అంటూ వేరే లేదు. ఐతే ఇన్‌పుట్ తక్కువ రాశారేమోనన్న మీ అనుమానం మాత్రం సరైన దారిలోనే ఉంది.

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

సార్, అన్నీ పెడుతున్నాను. వోల్టేజీ ప్రతిసారీ 415. వాట్‌మీటర్లు మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో గుణించాక వాట్లలో రాశాను.

ఖాళీగా: 3.6 ఆంప్స్, వాట్‌మీటర్లు 915, మైనస్ 565. మొత్తం 350. బ్యాలెన్సులు 0, 0. స్పీడు 1497.

మొదటి లోడు: 4.0 ఆంప్స్, 1400, మైనస్ 100. మొత్తం 1300. బ్యాలెన్సులు 8, 1 కిలోలు. స్పీడు 1483. అవుట్‌పుట్ 1173 వాట్లు.

రెండో లోడు: 4.85 ఆంప్స్, 1890, మైనస్ 350. మొత్తం 1540. బ్యాలెన్సులు 15, 2.5. స్పీడు 1468. అవుట్‌పుట్ 2074.

మూడో లోడు: 6.8 ఆంప్స్, 2780, మైనస్ 1050. మొత్తం 1730. బ్యాలెన్సులు 26.5, 5. స్పీడు 1440. అవుట్‌పుట్ 3499.

వైర్లు మార్చిన మాట నిజమే సార్. మొదట ఆన్ చేయగానే రెండో వాట్‌మీటరు ముల్లు వెనక్కి కొట్టింది. ఆపేసి ఎం, ఎల్ టెర్మినల్స్ తారుమారు చేసి, రీడింగు మైనస్‌గా రాసుకోమన్నారు. మొదటి లోడు తర్వాత ఇంకాస్త బిగిస్తే ముల్లు సున్నాకి వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. బెల్టు వదులు చేసి, ఆపేసి, ఎం, ఎల్ మళ్లీ మామూలుగా పెట్టాం. తర్వాత ముల్లు ముందుకే వచ్చింది.

పాలమూరు వైండింగ్ షాపు

నాదొక డౌటు. మాది మోటార్లు కట్టే షాపు, ఎక్కువగా బోరు మోటార్లే వస్తాయి. మేము కట్టాక ఆంప్స్ చూసి బాగుందో లేదో చెప్తాం. రైతులు "కట్టాక కరెంటు ఎక్కువ తాగుతోంది" అంటుంటారు. ఇట్ల బెల్టు పెట్టి 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కి కూడా చూడొచ్చా? సామాను ఎంత అవుతుంది?

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

అన్నా, మీ సంగతికి మళ్లీ వస్తాను, ముందు ఈ అమ్మాయిది చెప్పనివ్వండి.

అమ్మా, జవాబు నీ చివరి పేరాలోనే ఉంది. ఎం, ఎల్ మళ్లీ మామూలుగా పెట్టాక ముల్లు ముందుకు వచ్చిందంటే, ఇక ఆ రీడింగు ప్లస్. మీరు వైరు మార్చారు కానీ కాగితం మీద మైనస్ మార్చలేదు. రెండో లోడులో ఇన్‌పుట్ 1890లోంచి 350 తీసేయడం కాదు, కలపాలి, 2240 అవుతుంది. మూడో లోడులో 2780, 1050 కలిపి 3830.

ఎందుకు ఇలా అవుతుందో కూడా చూడు. ఖాళీగా తిరిగే ఇండక్షన్ మోటారు తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం ఐరన్‌ని మాగ్నెటైజ్ చేయడానికే పోతుంది, పనికి పోయేది కొంచెం. అందుకే పవర్ ఫ్యాక్టర్ అంత తక్కువ. అది 0.5 కంటే తక్కువ ఉన్నంతసేపు ఒక వాట్‌మీటరు వెనక్కి కొడుతుంది, సరిగ్గా 0.5 దగ్గర సున్నా చూపిస్తుంది, లోడు పెరిగి 0.5 దాటాక ముందుకు వస్తుంది. మీ మోటారు మొదటి లోడుకీ రెండో లోడుకీ మధ్యలో ఆ గీత దాటింది. మీరు కళ్లారా చూశారు కూడా, ముల్లు సున్నాకి రావడం అదే.

ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు, నీ ఆమ్మీటరుతోనే సరిచూసుకోవచ్చు.

```
pf = (W1 + W2) / (1.732 * V * I)
```

నువ్వు రాసిన మైనస్‌లతో వేస్తే వరసగా 0.14, 0.45, 0.44, 0.35 వస్తాయి. లోడు పెంచుతుంటే పవర్ ఫ్యాక్టర్ పడిపోతోందన్నమాట. ఫుల్ లోడు లోపల ఇండక్షన్ మోటారు అలా ప్రవర్తించదు. ప్లస్ పెట్టి వెయ్యి: 0.14, 0.45, 0.64, 0.78. వరస కుదిరింది చూడు.

బీటెక్ సీనియర్, సూర్యాపేట

సార్, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ తప్పు వేసినా ఇలాగే వస్తుంది కదా? మా కాలేజీలో చాలామంది 8 బదులు 4 వేసేవాళ్లు.

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

ఫ్యాక్టర్ తప్పయితే అన్ని వరసలూ ఒకే పాళ్లలో చెడతాయి. R తప్పయినా అంతే. ఇక్కడ మొదటి లోడు దాకా 100 లోపల ఉండి, తర్వాత 135, 202 అని ఎగబాకింది. మధ్యలో ఏదో మారిందని ఆ అంకెలే చెప్తున్నాయి. అందుకే వైరు మార్చారా అని అడిగాను.

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

సార్, చాలా థాంక్స్! ప్లస్ పెట్టి వేశాను. ఇప్పుడు మొదటి లోడు 90.2, రెండోది 92.6, మూడోది 91.4 శాతం. అన్నీ వంద లోపలే. ఇప్పుడే గ్రాఫ్ గీసి రికార్డులో ఎక్కిస్తాను.

మిర్యాలగూడ ఎలక్ట్రీషియన్

ఆగమ్మా. నేను రైస్ మిల్లులో ఇరవై ఏళ్లుగా మోటార్లే చూస్తున్నా. కాలేజీలో ఉండే పాత 5 హెచ్‌పీ మోటారు 91 ఎక్కడిది? కొత్త మంచి మోటారు ప్లేట్ల మీద కూడా 86, 87 చూస్తుంటాం ఈ సైజుకి. పైగా పావు లోడులో 90, ఫుల్ లోడులో 91 అంటున్నావు. తక్కువ లోడు మీద మోటారు అంత బాగా పనిచేయదు, అందుకే మిల్లులో పెద్ద మోటారు పెట్టి చిన్న పని చేయిస్తే బిల్లు మోత. డీసీ విషయంలో పొరపాటు పడ్డాను కానీ ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. రికార్డులో ఎక్కించొద్దు, ఇంకో తప్పు ఉంది.

వంద లోపలికి రాగానే లెక్క కుదిరిందని అనుకోవడం సహజం. కానీ పోయిన వాట్లు చూడు. మోటారు ఖాళీగా తిరగడానికే 350 వాట్లు తీసుకుంది. బేరింగులు, ఫ్యాను, ఐరన్ లాస్, కొంచెం కాపర్ లాస్, అన్నీ అందులోనే. మొదటి లోడులో 1300 లోపలికి పోయి 1173 బయటికి వచ్చిందంటున్నావు, అంటే నష్టం 127 వాట్లే. ఖాళీగా 350 తినే మోటారు లోడు పెట్టగానే 127కి ఎలా తగ్గుతుంది? తగ్గదు. కరెంటు పెరిగింది కాబట్టి 350 మీద ఇంకో పాతిక పెరగాలి, అంతే.

ఇన్‌పుట్ ఇప్పుడు పవర్ ఫ్యాక్టర్‌తో కుదిరింది కాబట్టి అనుమానం అవుట్‌పుట్ మీదే. నష్టం 375 అనుకుంటే అవుట్‌పుట్ 925 వాట్లు ఉండాలి. 1483 ఆర్‌పీఎం దగ్గర దానికి కావలసిన టార్క్ 6 న్యూటన్ మీటర్లకి కాస్త తక్కువ, మీ డ్రమ్ము మీద అది సుమారు 5.5 కిలోలు. మీరు రాసింది 7. ఒకటిన్నర కిలో ఎక్కడి నుంచో అదనంగా వచ్చింది.

ఖాళీ వరసలో బ్యాలెన్సులు 0, 0 అని రాశావు. అవి చూసి రాశారా, బెల్టు వదులుగా ఉంది కదా అని రాశారా?

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

నిజం చెప్తున్నాను సార్, చూడలేదు. లోడు లేదు కాబట్టి సున్నా అని రాసేశాం.

ల్యాబ్ అసిస్టెంట్, జడ్చర్ల

నేను పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ బ్యాలెన్సుల సంగతి నాకు బాగా తెలుసు. పిల్లలు లోడు ఉండగానే మోటారు ఆపేస్తారు, బెల్టు బిగించే ఉంచి వెళ్లిపోతారు, సెలవులన్నీ స్ప్రింగు సాగే ఉంటుంది. గట్టిగా లాగే వైపు స్ప్రింగు అలా సాగిసాగి ముల్లు సున్నాకి రాదు. కిలో, రెండు కిలోల దగ్గరే నిలబడుతుంది. అద్దం మీద దుమ్ము ఉంటే అసలు గమనించరు.

చూడటం తేలిక. బెల్టు కొక్కెం తీసేసి రెండు ముళ్లూ చూడాలి. అంతటితో ఆగకూడదు. స్ప్రింగు సాగిపోతే ముల్లు జరగడం ఒకటి, బరువుకి ఎక్కువ చూపించడం ఇంకొకటి. తెలిసిన బరువు వేలాడదీసి చూస్తే రెండూ తెలుస్తాయి. మా దగ్గర దుకాణం తూకపు రాళ్లు తెచ్చి పెట్టుకున్నాం, 10 కిలోలు ఒకటి, 20 ఒకటి. రాళ్లు లేకపోతే రెండు బ్యాలెన్సుల కొక్కేలు ఒకదానికొకటి తగిలించి లాగండి, రెండూ ఒకే అంకె చూపించాలి. చూపించకపోతే ఏదో ఒకటి తేడా ఉన్నట్టే, ఏదన్నది మాత్రం బరువుతోనే తెలుస్తుంది.

ఇంకో మాట, డ్రమ్ములో నీళ్లు పోశారా? మూడో లోడులో మూడు కిలోవాట్ల పైన వేడి ఆ డ్రమ్ములోనే పుడుతుంది, బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్లు రెండు మూడు ఆ చిన్న ఇనుప గిన్నెలో పెట్టినట్టు. డ్రమ్ము వేడెక్కితే బెల్టు పట్టు మారిపోయి ముల్లు ఒక చోట నిలవదు. అప్పుడు బ్యాలెన్సు చూసింది ఒక నిమిషం, వాట్‌మీటరు చూసింది ఇంకో నిమిషం అయితే రెండింటికీ పొంతన ఉండదు. నలుగురు ఉన్నారు కాబట్టి ఒకరు "ఇప్పుడు" అనగానే అందరూ ఒకేసారి చదవాలి. నీళ్లు మాత్రం మోటారు తిరుగుతుండగా కొంచెం కొంచెంగా పోయాలి, తిరిగే వేగానికి అవి అంచుకి అతుక్కుని ఉంటాయి. ఎక్కువ పోస్తే ఆపినప్పుడు కింద పడతాయి, పక్కనే ప్యానెల్ ఉంటుంది, జాగ్రత్త.

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

ఈరోజు ల్యాబ్‌లో మేడమ్‌ని అడిగి చూశాం. బెల్టు తీసేశాక వదులు వైపు బ్యాలెన్సు సరిగ్గా సున్నా. గట్టి వైపుది 1.5 దగ్గర నిలబడి ఉంది! మాస్టారు చెప్పిన అంకె అచ్చంగా అదే, నాకు ఒళ్లు జలదరించింది. క్యాంటీన్ నుంచి 10 కిలోల బియ్యం బస్తా తెచ్చి వేలాడదీస్తే 11.5, రెండు బస్తాలకి 21.5. అంటే అంతటా ఒకటిన్నరే ఎక్కువ, స్ప్రింగు మిగతా విషయంలో బాగానే ఉంది.

1.5 తీసేసి వేస్తే తేడాలు 5.5, 11, 20 కిలోలు. అవుట్‌పుట్ 922, 1825, 3254 వాట్లు. ఎఫిషియెన్సీ 71, 81, 85 శాతం. నష్టాలు 378, 415, 576, లోడుతో పాటు పెరుగుతున్నాయి. గ్రాఫ్ ఇప్పుడు పుస్తకంలో ఉన్నట్టు కింద నుంచి వంపు తిరిగి పైకి వెళ్తోంది.

ఒక ప్రశ్న. రికార్డులో 8, 15, 26.5 రాయాలా, 6.5, 13.5, 25 రాయాలా?

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

చూసిన అంకెలే రాయి, 8, 15, 26.5. పక్కన సున్నా తేడా 1.5 అని ఇంకో గడి, ఆ పక్కన సరిచేసిన అంకె. వాట్‌మీటరుకి కూడా ఏ రీడింగు తర్వాత వైర్లు మార్చారో ఒక ముక్క రాయి. దిద్దిన అంకెలు మాత్రమే రాస్తే, రేపు నీ రికార్డు చూసేవాళ్లకి ఏది కొలిచారో ఏది సరిచేశారో తెలియదు.

ఈ తప్పు తక్కువ లోడులోనే ఎక్కువ కనిపించడం గమనించావా? 5.5 మీద 1.5 అంటే పావు వంతు పైన, 20 మీద అది పదో వంతు కూడా లేదు. అందుకే నీ మొదటి వరస 71 నుంచి 90కి ఎగిరింది, చివరిది 85 నుంచి 91కే పోయింది.

ఇక పాలమూరు అన్నకి. బోరు మోటారుని ఇలా బెల్టు మీద పెట్టకండి. దాని బుష్‌లకి, థ్రస్ట్ బేరింగ్‌కి నీళ్లే ఆధారం, బయట పొడిగా తిప్పితే అవి పోతాయి. ఆంప్స్ చూసి చెప్పడం గురించి అయితే ఈ అమ్మాయి రీడింగులే చూడండి. ఖాళీగా 3.6, పావు లోడులో 4.0. లోపలికి పోయే వాట్లు 350 నుంచి 1300 అయ్యాయి, ఆంప్స్ అర కూడా పెరగలేదు. తక్కువ లోడులో ఆమ్మీటరు పని గురించి చెప్పేది చాలా తక్కువ. త్రీ ఫేజ్ పవర్ మీటరు ఒకటి కొనుక్కుంటే కట్టకముందు, కట్టాక ఒకే బోరులో ఒకే నీటికి ఎన్ని వాట్లు అన్నది పోల్చుకోవచ్చు.

పాలమూరు వైండింగ్ షాపు

ఆంప్స్ ఒక్కటే చూడటం అలవాటైపోయింది సార్. కాలిపోయి వచ్చిన మోటారుకి "కట్టకముందు" వాట్లు ఎక్కడ దొరుకుతాయి? అదొక్కటి ఆలోచించాలి.

బీటెక్ సీనియర్, సూర్యాపేట

నా బెల్టు మందం సంగతి మాత్రం ఇంకా మిగిలే ఉంది. బెల్టు 6 మిల్లీమీటర్లు ఉంటే సగం 3, R 0.113 అవుతుంది, 85 కాస్తా 87 దాటుతుంది. అది వదిలేస్తారా?

పాత ల్యాబ్ మాస్టారు, మహబూబ్‌నగర్

వదలకూడదు, నువ్వు అడిగింది న్యాయమే. అలా వేస్తే మొదటి లోడులో నష్టం 353కి దిగుతుంది, ఖాళీగా ఉన్నప్పటి 350కి దాదాపు సమానం. కొంచెం తక్కువగా అనిపిస్తోంది. కానీ ఆ బ్యాలెన్సు మీద పావు కిలో అటూ ఇటూ చదివితేనే ఆ వరసలో 40 వాట్లు మారతాయి, కాబట్టి ఈ అంకెలు చూసి R ఇంత అని నేను చెప్పలేను.

ల్యాబ్ అసిస్టెంట్, జడ్చర్ల

ఆ అమ్మాయి దారం ఎక్కడ చుట్టిందో అడగండి. మా డ్రమ్ముకి బెల్టు జారకుండా రెండు అంచులూ కొంచెం లేచి ఉంటాయి. చాలామంది ఆ అంచు మీదే దారం చుడతారు, ఎందుకంటే మధ్యలో బెల్టు అడ్డం. అంచు 3 మిల్లీమీటర్లు ఎత్తుంటే అదే బెల్టు సగానికి సరిపోతుంది, కలపక్కర్లేదు. మధ్యలో చుట్టి ఉంటే కలపాలి.

నల్లగొండ ట్రిపుల్ఈ (విద్యార్థిని)

దారం చుట్టింది నేను కాదు, మా బ్యాచ్‌లో ఇంకో అమ్మాయి. అంచు మీద అనే గుర్తు అంటోంది కానీ గట్టిగా చెప్పలేకపోతోంది. బుధవారం ల్యాబ్ తెరుస్తారు. బెల్టు తీసేసి మధ్యలో ఒకసారి, అంచు మీద ఒకసారి చుట్టి, బెల్టు మందం వెర్నియర్‌తో కొలిచి ఇక్కడే పెడతాను.